ఎనభై నాలుగు మంది, ఒక్క ప్రశ్న

తరగతిలో 84 మంది పిల్లలు, పీరియడ్ 45 నిమిషాలు. ఒక్కొక్కరినీ లేపి, అర నిమిషం చొప్పున జవాబు విన్నా 42 నిమిషాలు దానికే పోతాయి. హాజరు పేరుపేరునా పిలిస్తే నాలుగు నిమిషాలు. నోట్‌బుక్ ఒక్కింటికి నిమిషం చొప్పున దిద్దినా గంటా ఇరవై నాలుగు నిమిషాలు పడుతుంది. పెద్ద తరగతికి పాఠం రాసుకునే టీచరు ముందుగా చేసుకోవాల్సిన లెక్క ఇది. ఈ లెక్క వేయకుండా రాసిన పథకం ఎంత అందంగా ఉన్నా మొదటి పది నిమిషాల్లోనే చేయి జారిపోతుంది.

విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. కానీ ఒక పోస్టు ఖాళీగా ఉన్నా, ఒకరు దీర్ఘకాలం సెలవు పెట్టినా రెండు సెక్షన్లను ఒకే గదిలో కూర్చోబెట్టడం మన బడుల్లో అందరూ చూసిందే. బీఈడీలో మైక్రో టీచింగ్ చేసేది గుప్పెడు మంది తోటి విద్యార్థుల ముందు. ఆ అలవాటుతో వచ్చినవాళ్లు 84 మంది ముందు నిలబడగానే గొంతు పెంచుతారు. పాఠం ఉపన్యాసమైపోతుంది. చివర్లో “అర్థమైందా?” అంటే గదంతా ఒక్కసారిగా “అయింది సార్!” అంటుంది. ఆ కేకలో ఎంతమంది గొంతు కలిపారో, ఎంతమంది పెదవులు మాత్రమే కదిపారో ఎవరికీ తెలియదు. నా దృష్టిలో పెద్ద తరగతిలో అసలు కష్టం అల్లరి కాదు. ఎవరికి ఏం తెలిసిందో టీచరుకు కనబడకపోవడమే అసలు కష్టం. అందుకే టీచరు ఏం చెప్పాలన్నది పథకంలో రెండో సంగతి. 84 మంది ఆలోచనా ఒకేసారి ఎలా బయటపడుతుందన్నదే మొదటిది.

ఒక పాఠాన్ని దగ్గరగా చూద్దాం. ఆరో తరగతి గణితం, భిన్నాలను పోల్చడం. గదిలో మూడు బారులుగా బెంచీలున్నాయి. బారుకు ఏడు బెంచీలు, బెంచీకి నలుగురు. బల్ల, కూర్చునే చెక్క ఒకే ఇనుప చట్రంలో బిగించి ఉంటాయి. జరపడానికి లేదు. పక్క బారులు రెండూ గోడలకు ఆనుకుని ఉన్నాయి, నడవడానికి మధ్యలో రెండు సందులే. చార్టులు లేవు, కాగితాలు లేవు. ఉన్నవల్లా నల్లబల్ల, సుద్దముక్కలు, పిల్లల నోట్‌బుక్కులు.

ముందు రోజు సాయంత్రం చేయాల్సిన మొదటి పని గది పటం గీయడం. ఒక పేజీలో 21 గడులు గీసి, ఒక్కో గడిలో నలుగురి పేర్లు రాసుకోవాలి. ఎడమ నుంచి కుడికి ప్రతి పిల్లకీ ఒకటి నుంచి నాలుగు దాకా సీటు నంబరు ఇవ్వాలి. ఈ నంబర్లు నెలంతా మారకూడదు. దీనివల్ల హాజరు ఒక్క నిమిషంలో తేలుతుంది. బెంచీ చివర కూర్చున్నవాళ్లు తమ బెంచీలో ఎవరు రాలేదో చెబితే చాలు, 84 పేర్లు పిలవక్కర్లేదు. పటం ముందు పెట్టుకుంటే ఇంకో విషయం కూడా తెలుస్తుంది. టీచరు చేయి అందని చోటు ఏదని అడిగితే చాలామంది చివరి బెంచీ అంటారు. ఈ గదిలో మాత్రం అది గోడ పక్క సీటు. మధ్య బారులో ఎవరైనా సందుకు మహా అయితే రెండో మనిషి, గోడ పక్క పిల్ల మాత్రం నాలుగో మనిషి. ఆడమ్స్, బిడిల్ అనే ఇద్దరు పరిశోధకులు తరగతి గదుల్ని గమనించి, టీచరుతో మాటామంతీ ఎక్కువగా ముందు వరుసకూ, గది మధ్య భాగానికీ పరిమితమవుతోందని 1970లో రాశారు. కాబట్టి గోడ పక్క సీట్ల పేర్లకు పటంలో గుర్తు పెట్టుకుని, నోటితో అడిగే నాలుగైదు ప్రశ్నల్లో రెండైనా వాళ్లకు పోయేలా ముందే రాసుకోవాలి. అప్పటికప్పుడు గుర్తుకు రావులెండి.

బెంచీలు కదలకపోయినా మనుషులు కదులుతారు. ఒకటో బెంచీ వాళ్లు నడుం తిప్పి వెనక్కి చూస్తే రెండో బెంచీ వాళ్లు ఎదురుగా ఉంటారు. అలాగే మూడు నాలుగు వైపు, అయిదు ఆరు వైపు తిరుగుతుంది. ఎదురెదురుగా ఇద్దరూ ఇద్దరూ కలిసి నలుగురి జట్టు అవుతారు. ఏడో బెంచీకి జోడు లేదు కాబట్టి ఆ నలుగురూ తమలో తామే ఒక జట్టు. బారుకు ఏడు చొప్పున మొత్తం 21 జట్లు, ఒక్కరూ లేచి నడవనక్కర్లేదు. రాసే పని వెనక బెంచీ వాళ్ల బల్ల మీద జరుగుతుంది, ఎందుకంటే ముందు వాళ్లు తిరిగాక వాళ్ల బల్ల వీపు వెనక పడిపోతుంది. ఈ తిరగడాన్ని పాఠం రోజున కాకుండా అంతకు ముందే రెండుసార్లు ఉత్తుత్తిగా చేయించాలి. “బేసి బెంచీలు తిరగండి” అన్నాక అర నిమిషంలో సర్దుకోగలిగితే పాఠానికి సిద్ధమైనట్టే.

ఇక ప్రశ్న. తయారీకి గంట సమయముంటే నేను అందులో సగం ప్రశ్న ఎంచుకోవడానికే పెడతాను. ఎందుకో చూడండి. 3/4 పెద్దదా, 5/6 పెద్దదా? పిల్లలు దీనికి వేళ్లతో జవాబు చెబుతారు. 3/4 పెద్దదనుకుంటే ఒక వేలు, 5/6 అనుకుంటే రెండు, రెండూ సమానమనుకుంటే మూడు, తెలియకపోతే పిడికిలి. తప్పు జవాబులు ఏదో అలవోకగా పెట్టినవి కావు. మూడు వేళ్లు చూపే పిల్ల ఆలోచన ఇలా ఉంటుంది: నాలుగింట్లో ఒకటి తక్కువ, ఆరింట్లోనూ ఒకటి తక్కువ, కాబట్టి సమానం. ఒక వేలు చూపేవాడు మొన్న 1/3, 1/5 పోల్చినప్పుడు విన్న మాటను పట్టుకున్నాడు: హారం చిన్నదైతే భిన్నం పెద్దది. లవం ఒకటే అయినప్పుడే ఆ మాట నిలుస్తుందని వాడు గమనించలేదు.

రెండు వేళ్లు సరైన జవాబే. కానీ చిక్కంతా అక్కడే ఉంది. మూడు కన్నా అయిదు పెద్దది, నాలుగు కన్నా ఆరు పెద్దది, అందుకని 5/6 పెద్దది అనుకున్న పిల్లాడు కూడా రెండు వేళ్లే చూపిస్తాడు. అందుకే ఈ ప్రశ్నకు ఒక జోడు కావాలి: 3/4, 5/8. ఇక్కడ పెద్ద అంకెలు చూసి మురిసిపోయేవాడు 5/8 అంటాడు, దొరికిపోతాడు. ఎన్ని తక్కువో లెక్కపెట్టే పిల్లకు మాత్రం ఈసారి జవాబు కలిసి వస్తుంది, ఎందుకంటే ఒకటి తక్కువ, మూడు తక్కువ అని చూసి 3/4 అంటుంది. హారం చిన్నదని చూసేవాడిదీ అదే అదృష్టం. అంటే ఈ మూడు తప్పుదారుల్లో ఏ దారిన పోయినా రెండు ప్రశ్నలూ సరిగ్గా దాటడం కుదరదు. రెండూ దాటినవాళ్లు చాలావరకు భిన్నాన్ని భిన్నంగా చూస్తున్నవాళ్లే. 84 మందినీ విడివిడిగా అడగలేని టీచరుకు ఇలాంటి ప్రశ్నల జంట ఎన్నో నిమిషాలు మిగులుస్తుంది.

వేళ్లు చూపించడానికీ ఒక పద్ధతి ఉంది. ముందు ఒక నిమిషం మౌనం. ఆ నిమిషంలో ప్రతి ఒక్కరూ తమ జవాబు నంబరు రఫ్ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోవాలి. తర్వాత “ఒకటి, రెండు, చూపండి” అనగానే అందరూ ఒకేసారి వేళ్లను ఛాతీకి ఆనించి చూపాలి. చేయి పైకెత్తితే వెనకవాళ్లు చూసి మార్చుకుంటారు. చూసి వేస్తున్నారన్న సంగతి టీచరుకు తెలిసిపోతుంది. బాగా చదువుతాడని పేరున్న పిల్లాడి చుట్టూ వేళ్లు ఒకటొకటిగా మారుతూ పోతాయి. అలా జరిగితే ఆ లెక్క పనికిరాదు, మళ్లీ రాయించి మళ్లీ చూపించాలి. 84 చేతుల్నీ లెక్కపెట్టనక్కర్లేదు. బారు తర్వాత బారు చూస్తూ, సరైన జవాబు మూడో వంతు లోపా, సగం అటూ ఇటూనా, మూడింట రెండు వంతులు దాటిందా అన్నది తేల్చుకుంటే చాలు.

ఆ అంచనాతో ఏం చేయాలన్నది కూడా పథకంలో ముందే రాసి ఉండాలి. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిజిక్సు చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఈ దారిలో నడిచారు. ఆయన తరగతీ వరుసగా బిగించిన కుర్చీల్లో వందలమంది కూర్చునే పెద్ద హాలే. ప్రశ్న వేస్తారు, ఒంటరిగా ఆలోచించమంటారు, జవాబు చూపమంటారు, తర్వాత పక్కవాళ్లతో వాదించుకోమని మళ్లీ చూపమంటారు. సరైన జవాబులు సుమారు 30 నుంచి 70 శాతం మధ్య ఉన్నప్పుడే పక్కవాళ్లతో చర్చ బాగా పండుతుంది. అంతకన్నా తక్కువైతే తప్పు తెలిసినవాళ్లు ఒకరికొకరు తప్పే నేర్పుకుంటారు, కాబట్టి పాఠం మళ్లీ మొదలెట్టాలి. ఎక్కువైతే ఒకరితో కారణం చెప్పించి ముందుకు సాగాలి. హార్వర్డ్ విద్యార్థులకూ మన ఆరో తరగతి పిల్లలకూ పోలిక లేదు గానీ, ఈ లెక్క మాత్రం మన గదిలోనూ పనికొస్తుంది.

ఇప్పుడు 45 నిమిషాలూ ఎలా నడుస్తాయో చూద్దాం. మొదటి మూడు నిమిషాల్లో హాజరు అయిపోతుంది. ఆలోగానే మొదటి ప్రశ్న నల్లబల్ల ఎడమ పక్క ఉండాలి, పీరియడ్ అయ్యేదాకా దాన్ని చెరపకూడదు. బల్ల కింది భాగం ఖాళీగా వదిలేయాలి. ముందున్న తలల మీదుగా వెనక పిల్లలకు అది కనబడదు. పిల్లలు రాకముందే చివరి బెంచీ గోడ పక్కన ఒకసారి కూర్చుని, రాసింది చదవగలమో లేదో చూసుకోవడం మంచిది. కిటికీ వెలుతురు పడి బల్ల సగం మెరిసే గదులు చాలా ఉన్నాయి.

ఆరో నిమిషానికల్లా మొదటిసారి వేళ్లు చూడటం అయిపోతుంది. ఫలితం ఏమిటో టీచరు చెప్పకూడదు, మొహంలోనూ చూపకూడదు. రెండు నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడమనాలి. ఈ దశలో సందులో నిలబడి వింటే పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో పిల్లలే చెబుతారు.

“రెండింట్లోనూ ఒక్క ముక్కే తక్కువ కదరా. సమానమే.”

“మరి ఆ ముక్కలు రెండూ ఒకే సైజా?”

రెండో పిల్లాడు అడిగిన ఆ ప్రశ్నలోనే ఇవాళ్టి పాఠమంతా ఉంది. అదెక్కడైనా వినబడితే, ఆ పిల్లాడి పేరు గుర్తు పెట్టుకుని తర్వాత అందరి ముందూ వాడి చేతే అడిగించాలి. ఇద్దరి మాటల్లో ఒక్కరే మాట్లాడుతున్నారేమో తెలుసుకోవడానికి సులువైన మార్గం ఉంది. “నువ్వేమనుకున్నావు?” అని అడగకుండా, “మీ పక్కమ్మాయి ఏమంది, చెప్పమ్మా?” అని అడగాలి. ఇలా అడుగుతారని తెలిస్తే వినడం కూడా పనిలో భాగమవుతుంది. అడిగాక టీచరు ఆగాలి కూడా. మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో గమనించిన దాని ప్రకారం, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయి, మెరుగవుతాయి కూడా. గోడ పక్క పిల్లకు ఆ మూడు సెకన్లు మరీ అవసరం.

పదో నిమిషం నుంచి ఇరవై అయిదో నిమిషం దాకా సామాను లేని ప్రయోగం జరుగుతుంది. గణితం నోట్‌బుక్ చాలామందికి గీతలు లేనిదే ఉంటుంది. తెలుగుదో సాంఘికానిదో గీతల నోట్‌బుక్ జట్టుకు ఒకటి తీయమనాలి, 21 ఉంటే చాలు. గీతల మధ్య దూరం ఒకే పేజీలో ఎక్కడైనా సమానమే కాబట్టి, స్కేలు లేకపోయినా సమాన భాగాలు దొరికినట్టే. ముందు బెంచీ ఇద్దరూ పేజీ ఎడమ పక్కన నాలుగు గీతల ఎత్తు పట్టీ గీసి, మూడు భాగాలు నింపుతారు. వెనక బెంచీ ఇద్దరూ అదే పేజీ కుడి పక్కన ఆరు గీతల ఎత్తు పట్టీ గీసి, అయిదు నింపుతారు. రెండు పట్టీలూ ఒకే పేజీలో ఉండటం ముఖ్యం. వేర్వేరు కంపెనీల నోట్‌బుక్కుల్లో గీతల దూరం వేరుగా ఉండొచ్చు, పక్కపక్కన పెట్టి చూస్తే మోసపోతాం.

అప్పుడు అడగాలి: “రెండు పట్టీలూ ఒకే రొట్టెనా?” కాదు. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. మొత్తాలు వేరైతే వాటిలో వంతుల్ని పోల్చలేం. ఇది టీచరు చెబితే నోట్సులోకి ఎక్కే వాక్యమవుతుంది. నిండిన మూడు గడుల పక్కన నిండిన అయిదు గడులు చూసి పిల్లలే తేల్చుకుంటే, అంకెలు చూసి భిన్నాలు పోల్చే అలవాటు మొదలంటా కదులుతుంది. అందుకే ఆ పొట్టి, పొడుగు పట్టీల్ని కావాలనే ముందు గీయించాలి. తర్వాత మాట: “నాలుగు భాగాలుగానూ, ఆరు భాగాలుగానూ సరిగ్గా తెగే పట్టీకి ఎన్ని గీతలు కావాలి?” కొన్ని జట్లు పన్నెండంటాయి, కొన్ని ఇరవై నాలుగంటాయి. రెండూ సరే, కాకపోతే ఇరవై నాలుగుకు పేజీ చాలకపోవచ్చు. పన్నెండు గీతల పట్టీలు పక్కపక్కన రెండు. ఒకదాంట్లో మూడేసి గీతలకు ఒక భాగం, అలాంటివి మూడు నింపితే తొమ్మిది గీతలు. రెండోదాంట్లో రెండేసి గీతలకు ఒక భాగం, అయిదు నింపితే పది. పదో గీత ఎక్కువ. 3/4 పట్టీలో మిగిలిన ముక్క మూడు గీతలు, 5/6 పట్టీలో మిగిలింది రెండే. “ఒక్కో ముక్కే తక్కువ, కానీ ముక్కలు సమానం కావు” అన్నది ఇప్పుడు కంటికి కనబడుతుంది. కనిష్ఠ సామాన్య గుణిజం అన్న మాట ఎత్తకుండానే అది ఎందుకు అవసరమో తెలిసింది. ఆ మాట రేపు చెప్పొచ్చు.

ఇక్కడ తప్పు జరిగే చోటు ఒకటుంది. పిల్లలు గడుల్ని లెక్కపెట్టకుండా గీతల్ని లెక్కపెడతారు. పన్నెండు గీతలు లెక్కపెట్టిన జట్టుకు వచ్చేది పదకొండు గడులే. అది నాలుగు భాగాలుగా తెగదు, జట్టు తలపట్టుకుంటుంది. నల్లబల్ల మీద మూడు గీతలు గీసి, మధ్యలో రెండు సందులే ఉన్నాయని ముందుగా చూపిస్తే చాలు. సందులో నడుస్తున్నప్పుడు టీచరు చూడాల్సింది ఈ ఒక్క విషయమే. ఆ పావుగంటలో 21 పేజీల మీద కన్ను వేయొచ్చు, 84 మంది పనిని పూర్తిగా చూడలేరు.

గోల గురించి. 21 జట్లు మాట్లాడితే పక్క తరగతికి వినబడుతుంది. దాన్ని అరుపుతో ఆపబోతే గోల మీద గోల తోడవుతుంది. టీచరు చేయెత్తి నిలబడాలి, చూసినవాళ్లు చేయెత్తి నోరు మూయాలి, వెనక్కి తిరిగినవాళ్లకు ఎదురుగా కూర్చున్నవాళ్లు సైగ చేయాలి. మొదటి వారం ఇది నత్తనడకనే సాగుతుంది. ఆ వారంలో విసిగి ఒక్కసారి అరిచినా, పిల్లలు ఇక ఎప్పుడూ అరుపు కోసమే ఎదురుచూస్తారు.

ఇరవై అయిదో నిమిషానికి అందరూ ముందుకు తిరిగి, రెండో ప్రశ్న 3/4, 5/8కి మౌనంగా రాసి వేళ్లు చూపుతారు. సరైన వేళ్లు మూడింట రెండు వంతులు దాటితే ఒక గోడ పక్క పిల్లతో కారణం చెప్పించాలి. దాటకపోతే ఎనిమిది గీతల పట్టీ నల్లబల్ల మీద గీసి, ఆరు గడులు, అయిదు గడులు నింపి చూపాలి. ముప్పై రెండో నిమిషం దగ్గర చివరి ప్రశ్న వస్తుంది. 2/3, 7/9 లలో ఏది పెద్దది? ఒక బొమ్మ, ఒక వాక్యం, ఎవరిది వాళ్లే రాయాలి. ఇక్కడ ఎన్ని తక్కువో చూసే పాత అలవాటు మళ్లీ తప్పుదారి పట్టిస్తుంది. ఒకటి తక్కువ, రెండు తక్కువ అని చూసి 2/3 అంటారు. తొమ్మిది గీతల పట్టీ గీసినవాళ్లకు ఆరు, ఏడు కనబడతాయి.

నలభయ్యో నిమిషంలో టీచరు ఒక నంబరు చెబుతారు, “మూడో సీటు” అని. ప్రతి బెంచీలో మూడో సీటు నోట్‌బుక్ సందు వైపు చేతులు మారుతూ వస్తుంది. 21 నోట్‌బుక్కులు చేరతాయి. ఏ నంబరు పిలుస్తారో ముందు తెలియదు కాబట్టి నలుగురూ రాయక తప్పదు. వీటిని దిద్దనక్కర్లేదు. కారణంతో సరైన జవాబు, కారణం లేని సరైన జవాబు, తప్పు అని మూడు కుప్పలు చేస్తే చాలు. అది స్టాఫ్‌రూమ్‌లో పావుగంట పని. వారంలో నాలుగు నంబర్లూ పిలిస్తే 84 మందివీ చూసినట్టవుతుంది.

ఒకే టీచరు వందలమందికి చదువు చెప్పే ఉపాయం మన దేశం నుంచే ఒకసారి ప్రపంచానికి వెళ్లింది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి 1789లో పర్యవేక్షకుడిగా చేరిన ఆండ్రూ బెల్, దేశీయ వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశారు. కాగితం అవసరం లేని ఆ పద్ధతిని తన బడిలోకి తెచ్చి, పెద్ద పిల్లల చేత చిన్నవాళ్లకు చెప్పించి, ఆ అనుభవాన్ని 1797లో లండన్‌లో పుస్తకంగా అచ్చు వేయించారు. బ్రిటన్‌లో దానికి మద్రాసు పద్ధతి అనే పేరు వచ్చింది. అయితే ఆ పద్ధతిలో లీడరు పిల్లలు తమకు చెప్పిందే తిరిగి వల్లె వేయించేవారు. అక్షరాలకు, ఎక్కాలకు అది చాలుతుంది. 3/4, 5/6 దగ్గర చాలదు, ఎందుకంటే తప్పు ఆలోచన ఎక్కడుందో పట్టుకోవడం లీడరు వల్ల కాదు. అందుకే ఇవాళ్టి జట్టు లీడరుకు పుస్తకాలు పంచడం, సమయం చూడటం వంటి పనులు ఇవ్వొచ్చు. జవాబు సరైనదో కాదో తేల్చే పని ఇవ్వకూడదు.

ఈ పథకం చేయలేని పనులూ ఉన్నాయి. అర అంటే ఏమిటో ఇంకా తెలియని పిల్లలు ఇంత పెద్ద తరగతిలో కొందరైనా ఉంటారు. వాళ్లు వేళ్ల దగ్గర పిడికిలి చూపిస్తారు, లేదా పక్కవాళ్లది చూసి వేస్తారు. పట్టీ గీసే పావుగంటలో వాళ్లు చూస్తూ కూర్చుంటారు. పిడికిలి చూపినవాళ్ల పేర్లు పటంలో చుక్క పెట్టుకోవడం ఈ 45 నిమిషాల్లో చేయగలిగిన పని, వాళ్లకు నేర్పడం మాత్రం ఇందులో కుదరదు. దానికి విడిగా సమయం కావాలి, నిజానికి ఇంకో టీచరు కావాలి. చట్టం 35 మందికి ఒకరని చెప్పింది అందుకే. ఒక మనిషి తెలివిగా సర్దుకుంటున్నారు కదా అని ఆ ఖాళీ పోస్టును అలాగే వదిలేయడం పిల్లలకు చేసే అన్యాయం.

మర్నాటి పథకం ఆ మూడు కుప్పల నుంచే మొదలవుతుంది. తప్పు కుప్ప పెద్దదైతే పన్నెండు గీతల పట్టీ మళ్లీ గీయించాలి, ఈసారి 2/3, 3/4తో. కారణం లేని సరైన జవాబులు ఎక్కువైతే పట్టీలు వద్దు. వాళ్ల వాక్యాల్లోంచి రెండింటిని పేరు చెప్పకుండా నల్లబల్ల మీద రాసి, వీటిలో ఏ కారణం నిలుస్తుందని వేళ్లతో అడగాలి. కారణంతో రాసినవే ఎక్కువైతే కనిష్ఠ సామాన్య గుణిజానికి వెళ్లొచ్చు. వేళ్లు చూపించేది మాత్రం ఈసారీ ఒక నిమిషం మౌనంగా రాసుకున్నాకే.